ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చిన్న మెరుపు: దాన్ని కనిపెట్టిన కథ

ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లోనో, కాయిల్‌కి చుట్టిన కాగితంలోనో ఒక చిన్న గాలి బుడగ ఉందనుకోండి. వోల్టేజ్ పెరిగితే ఆ బుడగలో మాత్రమే చిన్న మెరుపు వస్తుంది. మిగతా ఇన్సులేషన్ తట్టుకుంటుంది, కరెంటు సప్లై ఆగదు. దీన్నే పార్షియల్ డిశ్చార్జ్ అంటారు. కానీ అది సెకనుకు ఎన్నోసార్లు వచ్చి, కాగితాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. ఒక రోజు పూర్తి షార్ట్ అయిపోతుంది. ఇనుప ట్యాంకు లోపల ఉన్న దాన్ని బయట నుంచి ఎలా పట్టుకుంటారు? ఇవాళ్టి కథ అదే.

మొదలు 1777లో, జర్మనీలోని గాటింగెన్‌లో. లిక్టెన్‌బర్గ్ అనే ప్రొఫెసర్ చార్జ్ చేసిన రెసిన్ పలక మీద దుమ్ము పడితే, అది కొమ్మలు, నక్షత్రాల ఆకారంలో పేరుకోవడం చూశాడు. పాజిటివ్ చార్జ్‌కి కొమ్మలు, నెగెటివ్‌కి గుండ్రటి మచ్చలు. అంటే డిశ్చార్జ్ తన గుర్తు తానే వదిలి వెళ్తుంది. ఆ గుర్తు చదవడమే ఈ కథ మొత్తం.

1932లో గెమాంట్, ఫిలిపోఫ్ అనే ఇద్దరు ఈ బుడగకి ఒక సింపుల్ మోడల్ ఇచ్చారు. బుడగ ఒక చిన్న కెపాసిటర్, దానికి సిరీస్‌లో మంచి ఇన్సులేషన్ ఇంకో కెపాసిటర్. సప్లై వోల్టేజ్ పెరుగుతుంటే బుడగ మీద కూడా పెరుగుతుంది, ఒక లెవెల్ దగ్గర పేలి పడిపోతుంది. సప్లై ఇంకా పెరుగుతోంది కాబట్టి మళ్ళీ నిండుతుంది, మళ్ళీ పేలుతుంది. శిఖరం దగ్గర వోల్టేజ్ మారడం ఆగిపోతుంది, పేలడమూ ఆగిపోతుంది. సో, బుడగ పల్సులు పాజిటివ్, నెగెటివ్ రెండు వైపులా శిఖరానికి ముందే గుంపుగా, దాదాపు సమానంగా వస్తాయి.

ఇదే ప్యాటర్న్ చదవడానికి తాళంచెవి. కొలిచేటప్పుడు కప్లింగ్ కెపాసిటర్ ద్వారానో, బుషింగ్ ట్యాప్ దగ్గరో చిన్న పల్సుల్ని పట్టి, ఒక్కొక్కటి ఏసీ సైకిల్‌లో ఎక్కడ వచ్చిందో చుక్క పెడతారు. పల్సులు శిఖరానికి ముందు కాకుండా సరిగ్గా నెగెటివ్ శిఖరం మీదే, ఒకే సైజులో వరసగా ఉంటే? బయట గాలిలో హైవోల్టేజ్ వైపు ఎక్కడో సూది మొన లాంటి అంచు ఉందని అనుమానిస్తారు. అదే మొన ఎర్త్ వైపు ఉంటే పాజిటివ్ శిఖరం మీదకి మారుతుంది. అలాంటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ విప్పక్కర్లేదు, అంచు నున్నగా చేస్తే చాలు.

ఇక సైజు సంగతి. బుడగలో అసలు చార్జ్‌ని బయట నుంచి కొలవలేం. అందుకే టెర్మినల్స్ మధ్య తెలిసిన చార్జ్, ఉదాహరణకి 100 పీకోకూలంబ్‌లు, పంపించి మీటర్‌ని సెట్ చేస్తారు. ఆ తర్వాత వచ్చే అంకె కనిపించే చార్జ్ మాత్రమే, లోపలి నష్టం కాదు. వైండింగ్‌లో లోతుగా ఉన్న పెద్ద డిశ్చార్జ్ బయటికి చిన్నగా కనబడొచ్చు.

సరే, ఉందని తెలిసింది. ఎక్కడ? 1950ల నుంచి ఇంజినీర్లు దీనికి చెవి పెట్టారు. మెరుపుతో పాటు చిన్న శబ్దం కూడా పుడుతుంది కదా. ఎలక్ట్రికల్ పల్స్ దాదాపు అదే క్షణంలో వస్తుంది, దాన్ని సున్నా టైమ్ అనుకోండి. ఆయిల్‌లో శబ్దం మైక్రోసెకనుకి సుమారు 1.4 మిల్లీమీటర్లు వెళ్తుంది. ట్యాంకు గోడకి అతికించిన మొదటి సెన్సార్‌కి 500 మైక్రోసెకన్లలో చేరిందనుకుందాం, దూరం 70 సెంటీమీటర్లు. రెండోదానికి 800 పట్టింది, అంటే 112. మూడోదానికి 1100, అంటే 154. ఒక్కో సెన్సార్ చుట్టూ ఆ దూరంతో ఒక్కో గోళం ఊహించుకోండి. మూడూ కలిసేది రెండు బిందువుల దగ్గర. మూడు సెన్సార్లూ ఒకే గోడ మీద ఉంటే రెండో బిందువు ట్యాంకు బయట పడుతుంది, దాన్ని కొట్టేయొచ్చు. నాలుగో సెన్సార్‌తో చెక్ చేసుకుంటారు.

ఇక్కడే ఒక మోసం ఉంది. శబ్దం దగ్గర్లోని ఉక్కు గోడని తాకి, ఆయిల్ కన్నా రెట్టింపుకి పైగా వేగంతో గోడ వెంబడి పరుగెత్తి సెన్సార్‌కి ముందే చేరిపోగలదు. లెక్క తప్పి దూరం తక్కువ చూపిస్తుంది. పసిగట్టేదెలా? ముందు చిన్న అల, వెనకాల పెద్ద అల కనబడితే అనుమానించాలి. సెన్సార్‌ని కొంచెం కొంచెం జరిపి, టైమ్ అతి తక్కువగా, సిగ్నల్ అతి గట్టిగా వచ్చే చోటు వెతుకుతారు. అక్కడ సూటి దారి దొరుకుతుంది.

కోర్ హమ్మింగ్ కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది కాబట్టి ఫిల్టర్‌తో తీసేస్తారు. వాన చినుకులు ట్యాంకు మీద పడితే మాత్రం సెన్సార్‌ని బాగా మోసం చేస్తాయి. ఎలక్ట్రికల్ పల్స్‌తో జత కుదరని శబ్దాన్ని పక్కన పెట్టడమే దానికి మందు. ఇంకో సంగతి, కాయిల్ లోతుల్లో పుట్టిన శబ్దం రాగి, కాగితం పొరల్లోనే చచ్చిపోవచ్చు. సెన్సార్ సైలెంట్‌గా ఉంది కదా అని ట్రాన్స్‌ఫార్మర్ బాగుందనుకోకూడదు. ఉందా లేదా అన్నది ఎలక్ట్రికల్ కొలత చెప్పాలి, ఎక్కడ అన్నది శబ్దం చెప్పాలి. ట్యాంకు విప్పాలా వద్దా అన్న నిర్ణయం రెండూ ఒకే మాట చెప్పినప్పుడే గట్టిగా నిలబడుతుంది.