1991: డాలర్ 21 నుంచి 26కి ఎందుకు ఎగిరింది?

పిడుగురాళ్ల నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో 1991 జులై మొదటి వారం గురించి చెప్పుకుందాం. మూడు రోజుల్లో, రెండు దెబ్బల్లో, మన రూపాయి విలువను ప్రభుత్వమే తగ్గించింది. సుమారు 21 రూపాయలున్న డాలర్ దాదాపు 26 అయింది. అప్పటికి పీవీ నరసింహారావు గారు ప్రధాని అయి రెండు వారాలు కూడా నిండలేదు.

ముందు మన ఊరి లెక్క చూద్దాం. పిడుగురాళ్ల నుంచి సున్నం లారీల మీద బయటికి పోతుంది, డబ్బు ఊళ్లోకి వస్తుంది. డీజిల్, బట్టలు, ఫోన్లు బయటి నుంచి వస్తాయి, డబ్బు ఊరు దాటుతుంది. బయట ఉద్యోగం చేసే పిల్లలు ఇంటికి పంపేది కూడా లోపలికి వచ్చే డబ్బే. ఇలా వచ్చిందీ పోయిందీ ఒక దేశం మొత్తానికి రాస్తే దాన్ని కరెంట్ అకౌంట్ అంటారు. వచ్చినదాని కంటే పోయింది ఎక్కువైతే కరెంట్ అకౌంట్ లోటు.

ఒక్క తేడా ఉంది. పిడుగురాళ్ల హైదరాబాద్‌కి రూపాయల్లోనే కడుతుంది. దేశం గల్ఫ్‌లో చమురు కొనాలంటే డాలర్లు కావాలి, వాటిని మనం అచ్చు వేసుకోలేం. అందుకే లోటు ఉన్నంత మేరకు డాలర్లు ఎక్కడి నుంచో రావాలి. బయటివాళ్లు మనకు అప్పు ఇవ్వాలి, లేదా ఇక్కడ పెట్టుబడి, డిపాజిట్లు పెట్టాలి. అది కూడా చాలకపోతే రిజర్వ్ బ్యాంక్ తన నిల్వలోంచి తీసి కట్టాలి. ఈ మొత్తం ఖాతానే చెల్లింపుల శేషం, అంటే బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్.

1990-91 ఖాతా తెరిచి చూద్దాం. లోటు సుమారు 970 కోట్ల డాలర్లు, అంటే జీడీపీలో 3 శాతం దాకా. అప్పులు, డిపాజిట్లు, పెట్టుబడుల రూపంలో వచ్చింది 720 కోట్లు. ఇంకా 250 కోట్లు తక్కువ. అందులో దాదాపు సగం ఐఎంఎఫ్ దగ్గర తెచ్చారు, మిగతా సగం నిల్వలోంచి తీశారు. ఖాతా ఎప్పుడూ సరిపోతుంది, ఎందుకంటే ఎవరో ఒకరు కట్టాల్సిందే. మనం చూడాల్సింది ఎవరు కట్టారు, ఇంకెన్నాళ్లు కట్టగలరు అన్నది.

ఆ ఏడాది అంత లోటు ఎందుకొచ్చింది? 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. చమురు ధర కొన్ని నెలల్లోనే రెట్టింపు దాటింది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లతో సహా లక్షన్నరకు పైగా భారతీయుల్ని అక్కడి నుంచి విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లు నెలనెలా పంపే డబ్బు ఆగిపోయింది. డాలర్లు పోయే దారి వెడల్పయింది, వచ్చే దారి ఇరుకైంది.

మన గుంటూరు ప్రాంతానికి సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. అప్పట్లో ఇక్కడి పొగాకుకి సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారు. కానీ వాళ్లతో వ్యాపారం రూపాయి లెక్కల్లో జరిగేది. బేళ్లు ఓడ ఎక్కేవి, ఎగుమతుల పద్దులో అంకె పడేది, చేతికి మాత్రం డాలర్ వచ్చేది కాదు. ఆ అంకెతో గల్ఫ్ చమురు బిల్లు కట్టలేం. అందుకే ఎగుమతులు ఎంత అన్నదాంతో పాటు ఏ కరెన్సీలో అన్నది కూడా అడగాలి.

మరి ఇంత లోటున్నా రూపాయి ముందే ఎందుకు పడిపోలేదు? అప్పట్లో రూపాయి రేటు బజారు నిర్ణయించేది కాదు. కొన్ని విదేశీ కరెన్సీల బుట్టతో పోల్చి రిజర్వ్ బ్యాంకే ప్రకటించేది, కొద్దికొద్దిగానే జరిపేది. కాబట్టి ఒత్తిడి రేటులో పెద్దగా కనపడలేదు, నిల్వలో కనపడింది. 1991 జూన్ చివరికి విదేశీ కరెన్సీ నిల్వ సుమారు 110 కోట్ల డాలర్లకు వచ్చింది. 1990-91లో మన దిగుమతులు 2,790 కోట్లు, అంటే వారానికి 54 కోట్ల దాకా. భాగించి చూడండి: రెండు వారాల సరుకు.

ఇలాంటి అంకె బయటికి తెలిస్తే ఏమవుతుంది? ప్రవాస భారతీయులు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. కొత్త అప్పిచ్చేవాళ్లు తగ్గిపోయారు. అంటే లోటు పూడ్చే చేతులే వెనక్కి వెళ్లాయి. లోటు సంక్షోభంగా మారేది ఇక్కడే.

చివరికి బంగారం దాకా వచ్చింది. మే నెలలో, చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగా, స్టేట్ బ్యాంక్ ద్వారా 20 టన్నులు తిరిగి కొనుక్కునే షరతుతో స్విట్జర్లాండ్ బ్యాంకుకి అమ్మారు. జులైలో రిజర్వ్ బ్యాంక్ ఇంకో 47 టన్నులు విదేశాలకు పంపి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర అప్పు తీసుకుంది. రెండూ కలిపితే చేతికొచ్చింది సుమారు 60 కోట్ల డాలర్లు. పైన వేసిన లెక్క ప్రకారం అది వారానికి కాస్త పైబడిన ఖర్చు.

రేటు మార్చాల్సిందేనని తేలింది. జులై 1న మొదటి మెట్టు, 9 శాతం దాకా. ప్రజలు, మార్కెట్లు ఎలా తీసుకుంటాయో చూశారు. జులై 3న రెండో మెట్టు, 11 శాతం దాకా. ఆ రెండో రోజు పొద్దున పీవీ గారు వెనకాడారు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ రిజర్వ్ బ్యాంక్ డిప్యూటీ గవర్నర్ సి.రంగరాజన్‌కి ఫోన్ చేశారు, ఆపగలరేమోనని. అప్పటికే కొత్త రేటు ప్రకటించడం అయిపోయింది.

దీనివల్ల ఎవరికి ఏమైంది? వెయ్యి డాలర్ల సరుకు అమ్మిన వ్యాపారికి 21 వేలకు బదులు 26 వేలు వచ్చాయి. వెయ్యి డాలర్ల యంత్రం తెప్పించుకున్నవాడు అదే 5 వేలు ఎక్కువ కట్టాడు. ఎగుమతికి ఉత్సాహం, దిగుమతికి కళ్లెం, లోటు తగ్గుతుంది. పుస్తకాల్లో ఉండేది ఇదే.

జరిగింది మాత్రం కాస్త వేరు. 1991-92లో లోటు 970 కోట్ల నుంచి 120 కోట్ల డాలర్ల దగ్గరికి పడిపోయింది. కానీ డాలర్లలో చూస్తే ఆ ఏడాది ఎగుమతులు పెరగలేదు, కొంచెం తగ్గాయి కూడా. లోటు తగ్గింది దిగుమతుల్ని బిగించి ఆపినందుకు. యంత్రాలు, విడిభాగాలు రాక ఫ్యాక్టరీలు నీరసించాయి, ఆ ఏడాది దేశం వృద్ధి ఒక శాతం దగ్గరే ఆగింది. రేటు మారితే ఎగుమతులు మర్నాడే పెరగవు. కొత్త కొనుగోలుదారు దొరకాలి, సరుకు తయారవ్వాలి.

ఇప్పుడు 2013 పక్కన పెట్టి చూడండి. 2012-13లో లోటు జీడీపీలో 4.8 శాతం, అంటే 1991 కంటే ఎక్కువ. అప్పుడు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ మన తెలుగువారే, దువ్వూరి సుబ్బారావు గారు. మే నెలలో 54-55 దగ్గరున్న డాలర్ ఆగస్టు చివరికి 68 దాటింది. అయినా బంగారం ఓడ ఎక్కలేదు. 1993 నుంచి రూపాయి రేటు బజారులో తేలుతోంది కాబట్టి ఒత్తిడిలో చాలా భాగం రోజురోజుకీ రేటులోనే బయటపడింది. నిల్వలో ఆరు నెలల పైబడి దిగుమతులకు సరిపడా డాలర్లున్నాయి. నొప్పి లేకుండా పోలేదు. అమెరికా ఫీజు కట్టే ఇంట్లో, పెట్రోల్ బంకులో అందరికీ తెలిసింది. కానీ రెండు వారాల భయం లేదు.

కాబట్టి డాలర్ రేటు పెరిగిందని ఫోన్‌లో వార్త వస్తే ఆ ఒక్క అంకె చూసి ఆగకండి. రిజర్వ్ బ్యాంక్ ప్రతి వారం నిల్వల లెక్క, మూడు నెలలకోసారి చెల్లింపుల శేషం ఇస్తుంది. నిల్వ ఎన్ని నెలల దిగుమతులకు వస్తుందో చూడండి. లోటుని పూడ్చింది ఫ్యాక్టరీ పెట్టినవాళ్ల డబ్బా, రేపే తీసుకుపోగల డబ్బా చూడండి. 1991 మే నాటికి డాలర్ రేటు ఇంకా నెమ్మదిగానే కదులుతోంది. బంగారం అప్పటికే బయల్దేరింది.