కేస్ షీట్‌లో పేరు చెరిపితే పేషెంటు మాయమైపోతాడా?

1996లో ఎంఐటీలో పరిశోధన చేస్తున్న లటన్యా స్వీనీ, డాక్టర్లు రాసిన నోట్స్‌లో పేషెంటు ఆనవాళ్లు వెతికి తీసేసే ఒక ప్రోగ్రాం తయారుచేశారు. దాని పేరు స్క్రబ్. చదువు కోసమో పరిశోధన కోసమో ఆసుపత్రి కాగితాలను బయటివాళ్లకు చూపించాలంటే ముందు వాటిలో మనిషి జాడ లేకుండా చేయాలి. అప్పటికి అందరికీ తోచిన పద్ధతి ఒకటే. రిజిస్టరులో ఉన్న పేరు, చిరునామా, ఫోన్ నంబరు తీసుకుని, నోట్స్‌లో అవి ఎక్కడ కనపడితే అక్కడ తీసేయడం. ఈ పద్ధతి ఏమాత్రం పనిచేస్తుందో స్వీనీ కొలిచి చూశారు. మహా అయితే నూటికి 30 నుంచి 60 ఆనవాళ్లే దొరికాయి.

మిగిలినవి ఎందుకు దొరకలేదో మన ఆసుపత్రుల కేస్ షీట్ చూసినా తెలుస్తుంది. పైన గడిలో పేరు `Lakshmi` అని ఉంటుంది. రాత్రి డ్యూటీ సిస్టర్ `Laxmi` అని రాస్తుంది. పీజీ డాక్టరు తొందరలో `Lakhsmi` అని కొడతాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా వస్తుంది. వీటన్నిటికీ మించి, నోట్స్ లోపల ఉండేది పేషెంటు పేరొక్కటే కాదు. వెంట వచ్చిన తమ్ముడి పేరు, ముందు చూసిన ఆర్ఎంపీ పేరు, ఊరి పేరు, ఆరోగ్యశ్రీ కార్డు నంబరు కూడా ఉంటాయి. రిజిస్టరులో లేనిదాన్ని రిజిస్టరు చూసి వెతకలేం కదా.

స్క్రబ్ పని తీరు వేరు. అందులో చాలా చిన్న ప్రోగ్రాంలు పక్కపక్కన నడుస్తాయి. ఒకటి మనుషుల పేర్లలా కనిపించే మాటల్ని పట్టుకుంటుంది, ఇంకొకటి చిరునామాల్ని, మరొకటి తేదీల్ని, వేరొకటి ఫోన్ నంబర్లని. ఒకే మాట మీద రెండు ప్రోగ్రాంలు పోటీ పడితే, ఎక్కువ నమ్మకంతో చెప్పినదాని మాటే నెగ్గుతుంది. దొరికినదాన్ని ఖాళీగా వదలకుండా దాని బదులు నమ్మదగ్గ ఒక కల్పిత పేరో తేదీయో పెడుతుంది. దీంతో 99 నుంచి 100 శాతం ఆనవాళ్లు దొరికాయని స్వీనీ చూపించారు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ తన ప్రోగ్రాం పేర్లను తీసేయగలదే గాని మనిషిని దాచిపెట్టగలనని హామీ ఇవ్వలేదని స్వీనీయే స్పష్టంగా చెప్పారు. పేరు, ఊరు, తేదీ అన్నీ తీసేసినా, జరిగిన సంఘటనల వరుస చదివితే ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ఆ మాట ఎంత నిజమో తర్వాతి ఏడాది ఆమె చేసిన ప్రయోగం లోకానికి చూపించింది.

మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య బీమా చూసే సంస్థ, ఉద్యోగుల ఆసుపత్రి వివరాలను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చింది. పుట్టిన తేదీ, ఆడా మగా, ఇంటి పోస్టల్ కోడ్ మాత్రం అలాగే ఉంచింది. ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ 1996 మేలో ఒక కాలేజీ స్నాతకోత్సవంలో స్పృహ తప్పి పడిపోయి ఆసుపత్రిలో చేరారు. ఆ వార్త పత్రికల్లో వచ్చింది. స్వీనీ 20 డాలర్లు పెట్టి ఆయన ఉండే కేంబ్రిడ్జి ఊరి ఓటర్ల జాబితా కొన్నారు. ఆయన పుట్టిన తేదీయే ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన పోస్టల్ కోడ్‌లో ఉన్నది ఆయన ఒక్కరే. గవర్నరు ఆసుపత్రి రికార్డు ఏదో అలా తేలిపోయింది. ఆ మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టవచ్చని ఆమె 2000లో లెక్కగట్టారు.

ఆ ఏడాది డిసెంబరులోనే హిపా చట్టం కింద గోప్యతా నియమాలు వెలువడ్డాయి. 2003 ఏప్రిల్ నుంచి అమెరికా ఆసుపత్రులు వాటిని పాటించక తప్పలేదు. తీసేయాల్సిన 18 రకాల ఆనవాళ్ల జాబితా అందులో ఉంది. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆసుపత్రి నంబరు, పూర్తి ముఖం కనిపించే ఫోటోలు ఎవరికైనా తట్టేవే. వెల్డ్ సంగతి తెలిసినవాళ్లకు మిగతావాటి కారణం కూడా అర్థమవుతుంది. తేదీల్లో ఏడాది తప్ప ఏమీ మిగలకూడదు. రాష్ట్రం కన్నా చిన్న ప్రాంతం పేరు ఉండకూడదు. వయసు 89 దాటితే అంకె వేయకుండా 90, ఆపైన అని మాత్రమే రాయాలి. అంత వయసువాళ్లు తక్కువమందే ఉంటారు కాబట్టి. ఆ జాబితా పక్కనే ఇంకో షరతు ఉంది. ఇవన్నీ తీసేశాక కూడా మిగిలిన సమాచారంతో ఈ మనిషిని గుర్తుపట్టవచ్చని మీకు తెలిసి ఉంటే, జాబితా పాటించామన్న మాట చెల్లదు. బోధన కోసం స్లైడ్లు చేసేవాళ్లకు 18 అంశాలకన్నా ఈ షరతే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి నేను కల్పించిన ఒక నోట్ తీసుకుందాం. '34 ఏళ్ల మహిళ, ఫలానా పీహెచ్‌సీలో ఏఎన్ఎం, గ్రామ సర్పంచి భార్య. 14వ తేదీ రాత్రి ఒంటిగంటకు నేల మీద పడుకుని ఉండగా కట్లపాము కరిచింది. కాటు దగ్గర వాపు లేదు. 3 గంటలకు కనురెప్పలు వాలాయి. 4 గంటలకు ఆసుపత్రికి తెచ్చారు. 10 వయల్స్ యాంటీవెనమ్ ఇచ్చాం. 5 గంటలకు ఊపిరి అందక ట్యూబు వేసి వెంటిలేటరు మీద పెట్టాం. 4వ రోజు తీశాం. మర్నాటి జిల్లా ఎడిషన్‌లో వార్త వచ్చింది.'

పేరు ఇందులో మొదటి నుంచీ లేదు. అయినా ఆ జిల్లాలో పనిచేసే ఏ డాక్టరుకైనా ఆమె ఎవరో క్షణంలో తెలిసిపోతుంది. ఇక్కడ జాబితా పక్కన పెట్టి, ఈ కేసు నుంచి విద్యార్థులు నేర్చుకోవాల్సింది ఏమిటని అడగాలి. వాపు లేకపోయినా కట్లపాము కాటు ప్రాణం తీస్తుందని, రెప్పలు వాలడం మొదటి హెచ్చరిక అని, ఆ తర్వాత ఊపిరికి ఎంత వ్యవధి ఉంటుందని. దానికి ఉద్యోగం అక్కర్లేదు, భర్త పదవి అక్కర్లేదు, పత్రిక వార్త అసలే అక్కర్లేదు. 34 ఏళ్లు '30ల్లో ఉన్న మహిళ' అయినా పాఠం చెక్కుచెదరదు. నేల మీద పడుకోవడం మాత్రం ఉండాలి, కట్లపాము కాట్లు ఎక్కువగా అలాగే జరుగుతాయి కాబట్టి. తేదీ, గడియారం రెండూ పోయి వాటి స్థానంలో వ్యవధి వస్తుంది. కాటు తర్వాత 2 గంటలకు రెప్పలు వాలాయి, 3 గంటలకు ఆసుపత్రి, 4 గంటలకు ట్యూబు. విద్యార్థికి అసలు నోట్ కన్నా ఇదే తేలిగ్గా బుర్రకెక్కుతుంది. వివరాలు తీసేయవచ్చు, మసకబరచవచ్చు. కానీ 10 వయల్స్‌ను 8 చేయడం, ఆమెను అతడిగా మార్చడం లాంటివి చేయకూడదు. అప్పుడు అది కేసు కాకుండా పోతుంది.

ఇదంతా ఒక్కరు చదివి సరిచూసుకుంటే చాలదా? ఈ ప్రశ్నకు 2008లో జవాబు వచ్చింది. బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూ నోట్స్‌ను పరిశోధకులకు అందించే పనిలో ఉన్న ఎంఐటీ బృందం `deid` అనే ప్రోగ్రాం రాసింది. దాన్ని పరీక్షించడానికి 2,434 నర్సింగ్ నోట్స్‌ను ముందు మనుషుల చేత చదివించింది. ఒక్కరే చదివినప్పుడు సగటున 81 శాతం ఆనవాళ్లే దొరికాయి. ఇద్దరు చదివితే 94 శాతం. ప్రోగ్రాం దాదాపు 97 శాతం పట్టింది కానీ, అది ఆనవాలని పట్టిన ప్రతి నాలుగింటిలో ఒకటి ఆనవాలు కానేకాదు. పార్కిన్సన్ అనేది జబ్బు పేరో మనిషి పేరో, ఫోలే అనేది మూత్రపు గొట్టమో డాక్టరో తేల్చడం యంత్రానికి కష్టం. స్లైడ్లు తయారుచేసే మనకు ఇందులో పనికొచ్చేది ఒకటుంది. మీరు శ్రద్ధగా చదివినా ఐదింట ఒకటి తప్పిపోతుంది. కాబట్టి ఆ కేసు చూడని ఇంకొకరి చేత చదివించాలి.

తర్వాతి చిక్కు అక్షరాల్లో కాకుండా ఫైల్‌లో బయటపడింది. కాన్ఫరెన్సుల స్లైడ్లు ఇంటర్నెట్‌లో పెట్టడం మామూలయ్యాక, సెర్చ్ ఇంజన్లు స్లైడ్ల లోపలి బొమ్మల్ని విడదీసి, వాటి మీది అక్షరాల్ని చదవడం నేర్చుకున్నాయి. పేషెంటు పేరుతో వెతికితే ఎవరో డాక్టరు పాఠంలో వాడిన స్కాన్ బయటపడే పరిస్థితి వచ్చింది. 2020లో అమెరికాలోని మూడు రేడియాలజీ, ఇమేజింగ్ సంఘాలు దీని మీద ఉమ్మడిగా సూచనలు విడుదల చేశాయి. పవర్‌పాయింట్‌లో బొమ్మను క్రాప్ చేస్తే పేరున్న అంచు కంటికి కనపడదు గాని ఫైల్‌లో అలాగే ఉంటుంది. పేరు మీద నల్ల డబ్బా పెడితే అది పక్కకు జరపగలిగే ఇంకో వస్తువు, అంతే. స్కాన్ చూసే సాఫ్ట్‌వేర్‌లోనే పేషెంటు వివరాలు కనపడకుండా చేసి, కావాల్సిన భాగాన్ని మాత్రం స్క్రీన్‌షాట్ తీసి అతికించడం సరైన పని.

మీ ఫైల్‌లో ఏముందో మీరే చూసుకోవచ్చు. `.pptx` ఫైల్‌కు ఒక కాపీ తీసి, దాని చివర `.zip` అని మార్చి తెరవండి. లోపల ఈ ఫోల్డర్లు కనిపిస్తాయి:

```
ppt/media
ppt/notesSlides
ppt/embeddings
```

మొదటిదాంట్లో అతికించిన బొమ్మలు ఉంటాయి, క్రాప్ చేసినా చాలాసార్లు పూర్తి రూపంలోనే. రెండోదాంట్లో స్లైడ్ కింద మీకోసం రాసుకున్న నోట్స్ ఉంటాయి. మూడోదాంట్లో గ్రాఫ్ వెనక ఉన్న ఎక్సెల్ షీటు ఉంటుంది. గ్రాఫ్‌లో నాలుగు గీతలే కనిపించినా, షీటులో వార్డు మొత్తం పేర్లు, ఐపీ నంబర్లు ఉండవచ్చు. గ్రాఫ్‌ను బొమ్మగా అతికిస్తే ఆ షీటు వెంట రాదు. `Inspect Document` ఆదేశం నోట్స్‌ను, ఫైల్ రాసినవారి పేరును చూపించగలదు గాని, ఎక్స్‌రే మీద అచ్చయిపోయిన పేరును చదవలేదు.

మన దేశంలో డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002లో వచ్చింది. పేషెంటు ఎవరో తెలిసేలా ఫోటోలు గాని కేసు వివరాలు గాని వాళ్ల అనుమతి లేకుండా ప్రచురించకూడదని, గుర్తు బయటపడకపోతే అనుమతి అక్కర్లేదని అది చెబుతుంది. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే గుర్తు దాగినట్టు కాదని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం ఏనాడో తేల్చింది. కొన్ని కేసుల్లో ఆ గుర్తును తీస్తే పాఠమే మిగలదు. కట్లపాము కరిచింది ఏఎన్ఎంను కావడమే మీరు చెప్పదలచుకున్న విషయమైతే, స్లైడ్ మొదలుపెట్టక ముందే ఆమె దగ్గరకు వెళ్లి, ఏమేం చూపిస్తారో ఎవరికి చూపిస్తారో చెప్పి, సంతకంతో అనుమతి తీసుకోండి. వద్దంటే ఆ కేసు వదిలేయండి.