నైట్ షిఫ్ట్ తర్వాత నిద్ర పట్టడం లేదా? శరీర గడియారాన్ని ఇలా జరపండి

టి. నగర్‌లోని మన తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఇది తరచూ వినిపించే మాట: "అబ్బాయి పొద్దున్నే వస్తాడు, ఎనిమిదికి పడుకుంటాడు, పన్నెండు కొట్టేసరికి లేచి కూర్చుంటాడు. ఆ తర్వాత ఎంత పొర్లినా నిద్ర రాదు." వీధిలో హారన్లు, వంటింట్లో కుక్కర్ విజిల్ కొంత కారణమే. అసలు కారణం మాత్రం అతను ఇంటికి వచ్చే దారిలో ఉంది.

మన మెదడులో ఒక చిన్న గడియారం ఉంటుంది. కంటికి సోకే వెలుగును బట్టి అది తన టైము సరిచేసుకుంటుంది. రాత్రి పదిన్నరకు పడుకుని ఆరున్నరకు లేచేవారికి తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నర ప్రాంతంలో ఒంటి వేడి బాగా తగ్గి, మగత ఎక్కువగా ఉంటుంది. దాన్ని మగత గడియ అనుకుందాం. దీనికి ముందు బలమైన వెలుగు పడితే గడియారం ఆలస్యంగా నడుస్తుంది. దీని తర్వాత పడితే ముందుకు జరుగుతుంది. రోజుకు జరిగేది సుమారు ఒక గంటే.

షోళింగనల్లూర్‌లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, వారానికి ఐదు రాత్రులు పనిచేసే ఒక కుర్రాడిని ఉదాహరణగా తీసుకుందాం. చెన్నైలో సూర్యోదయం ఏడాది పొడవునా 5.40కీ 6.40కీ మధ్యే కాబట్టి, క్యాబ్ ఎక్కేసరికే వెలుగు వచ్చేస్తుంది. ఓల్డ్ మహాబలిపురం రోడ్డు మీద ఉత్తరంగా వస్తుంటే కుడి కిటికీలోంచి ఎండ ముఖాన కొడుతుంది. మగత గడియ దాటాక పడిన ఆ ఎండ, రాత్రంతా మేలుకుని అతను వెనక్కి నెట్టిన గడియారాన్ని మళ్లీ పగటి టైముకు లాగేస్తుంది. అందుకే నాలుగు గంటలకే మెలకువ.

కాబట్టి మొదటి పని నల్ల కళ్లద్దాలు, క్యాబ్‌లో ఎడమ సీటు. బండి తానే నడిపేవారు మాత్రం నల్ల కళ్లద్దాలు పెట్టుకోకూడదు. నిద్ర మత్తుకు అవి తోడైతే ప్రమాదం. మత్తుగా ఉన్న రోజు అసలు బండి తీయకుండా, ఆఫీసులోనే ఇరవై నిమిషాలు కునుకు తీసి బయలుదేరడం మేలు. ఆఫీసులో అర్ధరాత్రి నుంచి నాలుగు వరకు బాగా వెలుగున్న చోట కూర్చోవాలి. కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే ముగించాలి, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఇల్లు చేరగానే అమ్మ ప్రేమగా ఇచ్చే ఫిల్టర్ కాఫీ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దాని బదులు రెండు ఇడ్లీలు చాలు.

ఎనిమిదిన్నరకు పడుకుని మూడున్నర దాకా నిద్రపోవాలి. కిటికీకి మందపాటి నల్ల గుడ్డ, తిరిగే ఫ్యాన్ లేదా ఏసీ, ఆపేసిన కాలింగ్ బెల్, ఈ మూడూ ఇంట్లోవారి చేతిలో పని. లేచాక కాసేపు మేడ మీద ఎండలో నిలబడాలి.

చాలామంది తప్పేది సెలవు రోజున. శని, ఆదివారాల్లో అందరితోపాటు పదింటికే పడుకుని ఆరింటికే లేస్తే, వారం కష్టం చాలావరకు పోతుంది. పూర్తిగా రాత్రి మనిషిగానూ ఉండలేం. మధ్యే మార్గం: సెలవు రోజుల్లో తెల్లవారుజామున మూడింటికి పడుకుని పన్నెండుకు లేవడం. అలా చేస్తే వారం, పది రోజుల్లో మగత గడియ ఉదయం పది ప్రాంతానికి చేరుతుంది. మధ్యాహ్న భోజనం, సాయంత్రం పాండీ బజార్ ఇంటివాళ్లతోనే. తెల్లవారుజాము ముహూర్తపు పెళ్లి ఒకటి వచ్చిందా, రెండు మూడు రోజులు వెనక్కి పోయినట్టే.

ఫలితం ఎలా తెలుస్తుంది? ఆఫీసులో నాలుగింటికి కళ్లు మూసుకుపోవడం తగ్గి, ఆ బరువు ఇంటికి వచ్చాక మొదలైతే గడియారం జరిగినట్టే. మధ్యాహ్నం పన్నెండుకే హుషారుగా మెలకువ వస్తుంటే ఇంకా జరగలేదు.

నెలకు రెండు మూడు రాత్రులే డ్యూటీ ఉన్న నర్సులు, సెక్యూరిటీ సిబ్బంది ఇదంతా చేయనక్కర్లేదు. డ్యూటీకి ముందు సాయంత్రం గంటన్నర పడుకుని, మరునాడు పొద్దున కొద్దిసేపే నిద్రపోయి రాత్రి మామూలు టైముకు పడుకుంటే చాలు.

మళ్లీ పగటి షిఫ్టుకు మారేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. మగత గడియ పదింటికి ఉన్నవారు మొదటి రోజే ఆరింటికి లేచి వాకింగ్‌కు వెళితే, ఆ ఎండ పది కంటే ముందు పడి గడియారాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. పన్నెండుకు బదులు పదకొండుకు, మరునాడు పదికి, ఇలా రోజుకో గంట ముందుగా లేచి, లేచాకే ఎండలోకి వెళ్లాలి. రాత్రి దీపాలు, ఫోను తగ్గించాలి. వారం పడుతుంది.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు భోజనం వేళలు మార్చేముందు డాక్టర్‌ను అడగాలి. మెలటోనిన్ కూడా సొంతంగా కొనుక్కుని వేసుకునేది కాదు, తప్పు టైములో వేస్తే గడియారం ఎదురు దిక్కుకు పోతుంది. ఏడు గంటలు పడుకున్నా అలసట తీరకపోతే, గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవాళ్లు గమనిస్తే, అది షిఫ్టు సమస్య కాకపోవచ్చు. నిద్ర పరీక్ష చేయించాలి.