నలుపు చూసి పాతదనుకోవద్దు: మా లక్ష్మీదేవర మొహం చెప్పిన ముచ్చట

కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

పోయిన ఎండాకాలం సెలవులల్ల కమ్మర్‌పల్లి దగ్గరి మా నాయకపోడు వాడకు పాత సామాను కొనే ఒకాయన వచ్చిండు. గుర్రం మొహం లెక్క ఉండే మా లక్ష్మీదేవరను చూసి, "దీనికి ఎనామిల్ రంగు ఉన్నది, ఇది కొత్తది" అని చాలా తక్కువ ధర చెప్పిండు. తన దగ్గరున్న ఒక నల్లటి కట్టె మొహం తీసి, "పాతదంటే ఇట్లుంటది, పోల్చి చూస్కోండి" అని రెండు రోజులు మా దగ్గరనే పెట్టిండు. తాత అమ్మనన్నడు. కానీ మా మనసుల ప్రశ్న పడ్డది. మేం హాస్టల్ పిల్లలం నలుగురం తాతను అడిగి, పది రెట్లు పెద్దగ చూపే భూతద్దం, ఫోన్ టార్చి పట్టుకొని రెండు మొహాల ముందట కూసున్నం.

ముందుగల్ల నలుపు సంగతి. మొహాలు చెక్కే పొనికి కట్టె కోసినప్పుడు తెల్లగ, తేలికగ ఉంటది. పొయ్యి పొగ, నూనె, చేతుల చెమట తాకితే నల్లబడ్తది. పసుపు ఉడకబెట్టే పొయ్యిల దగ్గర కొన్ని సీజన్లు పెడితే కొత్త కట్టె కూడా నల్లబడ్తది. బూటు పాలిషుతోనైతే ఒక్క పూట చాలు. అందుకే నలుపు ఉందా అని కాదు, ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని చూడాలె. నిజంగ వాడిన వస్తువు అంతటా ఒక్క తీరుగ నల్లబడదు. ఆయన మొహం ముక్కు కొన మీద, ముక్కు రంధ్రం లోపల, వెనుక గుంతల, అన్ని చోట్లా ఒకే నలుపు. ఒక కొత్త గీత పడ్డ చోట మాత్రం తెల్లటి కట్టె కనబడ్డది.

తర్వాత పనిముట్ల గుర్తులు చూసినం. టార్చిని ఎదురుంగ కాకుండ పక్క నుంచి వాల్చి పట్టుకుంటే గుర్తులు నీడలతో లేస్తయి. మా మొహం వెనుక భాగంల బాడిస దెబ్బలు చిన్న చిన్న గుంతల లెక్క, ఒకదాని మీద ఒకటి, పెద్దవి చిన్నవి కలిసి ఉన్నయి. చాలా దెబ్బలల్ల ఒకే చోట సన్నటి గీత లేచి ఉన్నది. అంటే ఆ బాడిస అంచుకు చిన్న పన్ను విరిగి ఉండె. ఆయన మొహం వెనుక సమాన దూరంల వంపు గీతలున్నయి. అవి గుండ్రటి మిషన్ రంపం గీతలు. అయితే ఒక మాట: బాడిసతో ఇయ్యాల కూడా చెక్కుతరు. కాబట్టి చేతి గుర్తు ఉంటే పాతదని రుజువు కాదు. మిషన్ గుర్తు ఉంటే మాత్రం ఆ మిషన్ రాకముందుది కాదని గట్టిగ చెప్పొచ్చు.

అసలు ముచ్చట రంగు పొరలల్ల దొరికింది. జాతరకు ముందు మావోళ్లు దేవరకు కొత్త రంగు ఏస్తరు. చెవి వెనుక పెచ్చు ఊడిన అంచును అద్దంతో చూస్తే పైన ఎర్ర ఎనామిల్, దాని కింద సన్నటి నల్ల మసి గీత, కింద మాసిన పసుపు రంగు, మళ్ల మసి, అడుగున తెల్ల పూత, ఆ కింద కట్టె. పొరలు ఎన్ని ఉన్నా ఒక్క రోజుల ఏసినవి కావచ్చు. కానీ పొరల నడుమ మసి పట్టిందంటే నడుమ కాలం గడిచినట్టే. ఇంకొకటి, నుదుటి మీది పగులు లోపలికి ఎర్ర రంగు దిగింది. అంటే ఎర్ర రంగు కన్న పగులు పాతది. కింది పసుపు రంగు మాత్రం పగులు అంచు దగ్గర తెగి ఆగింది, లోపలికి దిగలే. ఆ పసుపు ఏసినంక కట్టె పగిలింది. అంటే వరుస ఇది: పసుపు రంగు, తర్వాత పగులు, తర్వాత ఎరుపు.

చివరికి అరుగుదల. మా మొహానికి తాడు కట్టే రంధ్రాలు తాడు గుంజే దిక్కే కోలగ అరిగినయి, ఎత్తి పట్టే చోట అంచు నున్నగైంది. ఆయన మొహానికి రంధ్రాలు గుండ్రంగ, అంచులు పదునుగ ఉన్నయి. దాని చెంప మీద పురుగు దారులు పొడుగ్గా కాలువల లెక్క తెరుచుకొని ఉన్నయి. పురుగు చెక్కిన దాంట్లకు వచ్చిపోతే పైన గుండ్రటి బొక్కనే మిగుల్తది. కాలువ తెరుచుకున్నదంటే, పురుగు తిన్న పాత కట్టెనే తర్వాత చెక్కిండ్రన్నట్టు. ఇసొంటి దాన్ని కార్బన్ పరీక్షకు పంపినా చెట్టు వయసే తెలుస్తది, ఉలి వయసు తెల్వది.

మా మొహం ఏ సంవత్సరానిదో మేం చెప్పలేం. కనీసం మూడు సార్లు రంగు చూసిందని, నడుమ ఏండ్లు గడిచినయని, కట్టి ఆడించిన దేవరేనని చెప్పగలం. పైన మెరిసే ఎనామిలే ఆఖరి జాతర గుర్తు.

మీ వాడల ఇసొంటివి ఉంటే పెద్దలను అడిగే ముట్టండి. రంగు గీకొద్దు, కడగొద్దు, "పాతగ కనబడాలె" అని పై పొర తీయొద్దు. ఊడిన అంచు దగ్గరనే చూడండి, పక్క వెలుతురుల ఫొటోలు తీసి, ఎప్పుడెప్పుడు రంగేసిండ్రో అవ్వతాతలను అడిగి రాసిపెట్టండి. ఆయన తన నల్ల మొహం తీస్కపోయిండు. మా దేవర మా గుడిసెలనే ఉన్నది.