కంభం చెరువు కథ: మూలవ్యక్తిని అడగడం, చెప్పిన మాటను సరిచూడటం

పరిచయం

ఫీచర్ కథనానికి ప్రాణం మనుషులు చెప్పే మాట. ఆ మాటను ఎలా రాబట్టాలో, అచ్చులో పెట్టేముందు ఎలా సరిచూడాలో ఈ భాగంలో కంభం చెరువును ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం. గుండ్లకమ్మ నల్లమల కొండల సందులోంచి వచ్చేచోట కట్టిన ఈ చెరువును విజయనగర కాలపు నిర్మాణంగా చెబుతారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. దీని గురించి చెప్పేవారు ఊళ్ళో చాలామంది ఉన్నారు. అందుకే ఇది అభ్యాసానికి అనువైనది.

కైఫీయతుల పద్ధతి

మీకంటే రెండు వందల ఏళ్ళ ముందే ఈ ప్రాంతంలో ఇదే పని చేసినవారున్నారు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో కంభం కూడా ఒకటి. ఆ మండలాలను సర్వే చేయించిన కాలిన్ మెకంజీ, కొలతలతో పాటు ఊళ్ళ చరిత్రలనూ సేకరింపజేశాడు. ఈ సేకరణకు దారి చూపినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. ఆయన 1803లో చిన్న వయసులోనే చనిపోగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. వీరి బృందం ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను అడిగి, దండకవిలెలు చూసి, శాసనాలకు నకళ్ళు తీసి రాసినవే కైఫీయతులు.

వాటిని చదివేటప్పుడు ఒక సంగతి గమనించండి. చెప్పేవారికి ఒక అవసరం ఉంది. కొత్తగా వచ్చిన కంపెనీ ఏ మాన్యాన్ని ఉంచుతుందో, దేనిమీద పన్ను వేస్తుందో తెలియని కాలమది. తన మాన్యం ఫలానా రాజు ఇచ్చాడని చెప్పుకోవడం ఇనాందారుకు లాభం. అంతమాత్రాన అతను చెప్పింది అబద్ధమని కాదు. ఆ మాటను పక్కనున్న శాసనంతో పోల్చకుండా వాడకూడదని మాత్రమే అర్థం. మీరు కలిసే ప్రతి మూలవ్యక్తి విషయంలోనూ మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: ఈ మాట నిలబడితే ఇతనికి ఏం మిగులుతుంది?

ప్రశ్నల తయారీ

ముందుగా కాగితాలు చదవండి. ఇంపీరియల్ గెజిటీర్ ఈ చెరువు కట్ట ఎత్తు 57 అడుగులని, ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలని చెబుతుంది. కంభం 1858 వరకు కడప జిల్లాలో, ఆ తరువాత 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉంది. పాత రికార్డుల కోసం ఏ జిల్లా పేరు కింద వెతకాలో దీనివల్ల తెలుస్తుంది.

కాగితంలో దొరికేదాన్ని మనిషిని అడగవద్దు. "కట్ట ఎత్తెంత?" అని రైతును అడిగితే సమయం వృథా. "తూము ఎవరు తెరిచేవారు? నీళ్ళు చాలని ఏడాది చివరి మడిదాకా ఎలా పంచుకునేవారు?" అని అడగండి. ఆయన మాత్రమే చెప్పగలిగింది అది. జవాబును మనమే అందించే ప్రశ్నలు కూడా పనికిరావు. "చెరువు పూడిపోయి మీరు నష్టపోయారు కదా?" అంటే ఎదుటివారు మర్యాద కోసమైనా అవునంటారు. "ఇప్పుడు మీ పొలానికి నీళ్ళు ఎలా వస్తున్నాయి?" అంటే ఉన్నది చెబుతారు. ఏడెనిమిది ప్రశ్నలు చాలు. తేలికైనవి ముందు, తగవులకు సంబంధించినవి చివర ఉంచండి.

ముఖాముఖిలో

మీరెవరో, ఎక్కడ అచ్చవుతుందో, పేరు వేస్తారో లేదో కూర్చోగానే చెప్పండి. రికార్డు చేయడానికి అనుమతి అడగండి. "ఇది రాయొద్దు" అనే మాట మధ్యలో వస్తే అది ఎక్కడినుంచి ఎక్కడిదాకా వర్తిస్తుందో అప్పుడే తేల్చుకోండి.

ఇప్పుడు ఒక కల్పిత ఉదాహరణ చూద్దాం. ఆయకట్టు రైతు ఒకాయన, సుమారు 80 ఏళ్ళవారు, ఇలా అన్నారనుకోండి:

"ఈశ్వర నామ సంవత్సరంలో అలుగు పారింది నాయనా. కట్టమీద జనం తిరనాళ్ళకొచ్చినట్టు నిలబడ్డారు."

మాట బాగుంది. కానీ ఏ ఈశ్వర? తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. ఈశ్వర 1937–38లో వచ్చింది, మళ్ళీ 1997–98లో వచ్చింది. అక్కడే ఇంకో ప్రశ్న వేయాలి: "పెద్దాయనా, అది మీరు చూశారా, మీ నాయన చెప్పగా విన్నారా?" చూశానంటే 1997–98. విన్నానంటే అది 1937–38 కావచ్చు, అప్పటికి ఆయన పుట్టలేదు. ఈ ఒక్క ప్రశ్న వేయకపోతే విన్న మాట చూసిన మాటగా అచ్చవుతుంది, తేదీ అరవై ఏళ్ళు తప్పుతుంది.

మాటను సరిచూడటం

ఇంటికి వచ్చిన రోజే రికార్డు విని, మాటను మాటగా రాసుకోండి. తరువాత ప్రతి ఉల్లేఖనను మూడు రకాలుగా విడదీయండి.

మొదటిది, కొలవగలిగిన సంగతి. "మా జేజినాయన కాలంలో పదివేల ఎకరాలు పారేది" అన్నారనుకోండి. గెజిటీర్ అంకెతో సరిపోయింది కదా అని తొందరపడవద్దు. ఆ అంకె పుస్తకంలోంచి వార్తలకు, వార్తల్లోంచి ఊళ్ళోకి వచ్చి ఉండవచ్చు. అప్పుడు అది రెండు సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యం రెండు గొంతులతో పలకడం. "ఈ లెక్క మీకెవరు చెప్పారు?" అని అడిగితే తేలుతుంది.

రెండవది, ఐతిహ్యం. చెరువును కట్టించింది గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య అయిన వరదరాజమ్మ అని స్థానికంగా చెబుతారు. రుచిదేవి అనే పేరూ వినిపిస్తుంది. ఆ గజపతి రాకుమార్తెకే తుక్కాదేవి, జగన్మోహిని వంటి పేర్లు వేరే చోట్ల కనిపిస్తాయి. ఇన్ని పేర్లున్నచోట "కట్టించింది ఆమే" అని మీ సొంత వాక్యంగా రాయకండి. "అని ఊరివారు చెబుతారు" అని రాస్తే కథా మిగులుతుంది, నిజమూ మిగులుతుంది.

మూడవది, మరొకరిమీద పడే మాట. "చెరువు గర్భంలో ఫలానావాళ్ళు సాగు చేస్తున్నారు" అన్నది ఆరోపణ. దాన్ని అడంగల్, గ్రామ సర్వే పటంతో పోల్చాలి. ఆ ఫలానావాళ్ళను కూడా కలిసి అడగాలి. రెండూ జరగనంతవరకు ఆ వాక్యాన్ని పక్కన పెట్టండి. రేపు మీరు వెళ్ళిపోతారు, ఆ మాట అన్న పెద్దాయన మాత్రం అదే వీధిలో ఉండాలి.

చివరగా ఆయన మాటలను ఆయనకే చదివి వినిపించండి. కథనమంతా చేతికివ్వనక్కరలేదు. అంకె తప్పని చెబితే దిద్దండి. మాట మారిస్తే రికార్డు మళ్ళీ విని, ఎందుకు మార్చారో అడగండి. భయం వల్ల అయితే పేరు తీసేసే విషయం సంపాదకునితో మాట్లాడండి. ఉల్లేఖనలో పునరుక్తిని తగ్గించవచ్చు గాని, కొత్త మాట చేర్చకూడదు. "జేజినాయన" అన్నదాన్ని "తాతగారు" అని మార్చకండి. గిద్దలూరు, కంభం పలుకుబడి ఆ ఒక్క మాటలోనే ఉంది.

అభ్యాసం

1. మీ ఊరి చెరువు గురించి ఒక పెద్దమనిషిని అడగడానికి ఎనిమిది ప్రశ్నలు రాయండి. వాటిలో రికార్డుల్లో దొరికే జవాబులున్నవాటిని కొట్టివేయండి. ఎన్ని మిగిలాయి?
2. ఆయన చెప్పిన ఒక తెలుగు సంవత్సరం పేరును ఆంగ్ల సంవత్సరంగా మార్చి, అది చూసిన సంగతో విన్న సంగతో ఆయన వయసునుబట్టి నిర్ణయించండి.