తండ్రి పెన్షన్ మీద నడిచే కాపురం: పుదుచ్చేరి చట్టం ఏం చెబుతుంది?

పుదుచ్చేరి పట్టణంలో పెళ్లి మాటల్లో ‘అబ్బాయి సంపాదన ఎంత?’ అని అడిగితే, ‘వాళ్ల నాన్నకు ఫ్రెంచి పెన్షన్ వస్తుంది’ అనే జవాబు రావచ్చు. ఫ్రెంచి సైన్యంలోనో, ప్రభుత్వంలోనో పనిచేసినవారి కుటుంబాలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. యూరోల్లో వచ్చే పెన్షన్ రూపాయల్లోకి మారేసరికి పెద్ద మొత్తమే అవుతుంది. అయితే అది అబ్బాయి ఆదాయం కాదు, తండ్రిది. ఈ తేడా పెళ్లయిన పదేళ్లకో, తండ్రి పోయాకో బయటపడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయికి నెలకు 35 వేలు. అబ్బాయి చిన్న వ్యాపారంలో మిగిలేది 12 వేలు. తండ్రి నెలనెలా 40 వేలు ఇస్తారు, ఉండేది ఆయన ఇంట్లోనే. చేతికొచ్చేది 87 వేలు, అద్దె లేదు. కాపురం హాయిగానే ఉంటుంది. తండ్రి మరణిస్తే? ఫ్రెంచి ప్రభుత్వ పెన్షన్‌లో సాధారణంగా సగం భార్యకు వెళుతుంది. పెద్దవాడైన కొడుకుకు మామూలుగా ఏమీ రాదు. తల్లి ఖర్చులు, వైద్యం ఆ సగంలోంచే గడవాలి కాబట్టి 40 వేలు ఆగిపోతాయనే అనుకోవాలి. మిగిలేది 47 వేలు.

ఇల్లు ఉంది కదా అనుకోవచ్చు. హిందూ వారసత్వ చట్టం 1963లో పుదుచ్చేరికి వర్తించింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. ఇంటి విలువ 90 లక్షలు, వారసులు తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అయితే ఒక్కొక్కరికి 22.5 లక్షలు. నివసించే ఇంటిని పంచమని కూతురు అడగకుండా అడ్డుపడిన నిబంధనను 2005 సవరణ తీసేసింది కనుక, అక్కచెల్లెళ్లలో ఎవరైనా పంపకం కోరవచ్చు. ఇల్లు స్వార్జితమైతే తండ్రి వీలునామాలో కొడుకు పేరే లేకుండా కూడా రాయవచ్చు.

పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు అన్నది తెలుగువాళ్లకు అలవాటైన మాట. ఫ్రెంచి కోర్టులు ఇక్కడ గుర్తించిన హిందూ ఆచారంలో తండ్రి బతికుండగా కొడుకుకు అలాంటి హక్కు లేదు. ‘ఎలాగూ మావాడిదే’ అనే భరోసా ఇక్కడ మరింత బలహీనం.

ఇంకో చిక్కు రెనోన్సాంట్ కుటుంబాలది. 1881 నాటి ఫ్రెంచి శాసనం కింద తమ మత, కుల ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వెళ్లినవారి సంతతి వీరు. హిందూ వారసత్వ చట్టం వీరికి వర్తించదు. ఫ్రెంచి కోడ్‌లో పిల్లలకు కొంత వాటాను చట్టమే కాపాడుతుంది, తండ్రి దాన్ని వీలునామాతో పూర్తిగా తప్పించలేడు. కాబట్టి ఈ పట్టణంలో సంబంధం చూసేవాళ్లు కుటుంబం ఏ చట్టం కిందికి వస్తుందో ముందుగా అడగాలి. అడగడం మొహమాటమే, అడగకపోవడం ఇంకా ఖరీదు.

కాపురం చెడితే ఏమవుతుంది? భార్య మనోవర్తి బాధ్యత భర్తది, అత్తమామలది కాదని, వారి ఆస్తిని అందుకు జప్తు చేయకూడదని సుప్రీంకోర్టు 2008లో విమలాబెన్ పటేల్ కేసులో చెప్పింది. ‘నాకు ఆదాయం లేదు, నాన్నే ఇస్తున్నాడు’ అన్నంత మాత్రాన భర్త తప్పించుకోలేడు. ఒళ్లు బాగున్న మనిషి పని చేసి పోషించాలనేది కోర్టుల వైఖరి. 2020లో రజనీశ్ కేసు తీర్పుతో ఇద్దరూ ఆస్తి, ఆదాయ వివరాలను అఫిడవిట్‌గా ఇవ్వాలి. కానీ ఆదేశం రావడం ఒకటి, 12 వేలు సంపాదించేవాడి నుంచి డబ్బు రాబట్టడం మరొకటి. నివాసం విషయం వేరు. అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా భార్య కాపురమున్న ఇంటికిందికి రావచ్చని 2020లోనే సతీశ్ చందర్ అహుజా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దానివల్ల ఉండే రక్షణ దొరకవచ్చు గానీ ఇంటి యాజమాన్యం రాదు.

అన్నో, అక్కో ఇచ్చే డబ్బుకు ఈపాటి ఆధారం కూడా ఉండదు. పెద్దవాడైన తమ్ముణ్ని పోషించే చట్టబద్ధ బాధ్యత వారికి లేదు. వారి ఇంట పెళ్లో, పిల్లల చదువో వస్తే ఆ డబ్బు ఆగవచ్చు. ఇచ్చినది అప్పా, కానుకా అన్నది కాగితం మీద లేకపోతే, వాటాల పంపకం రోజున ‘నీకు అప్పుడే ఇచ్చాం’ అనే మాట వస్తుంది. బ్యాంకు గృహరుణం ఇచ్చేటప్పుడు అడిగేది సొంత ఆదాయ పత్రాలే. ఆ అమ్మాయి రుణానికి వెళితే లెక్కలోకి ప్రధానంగా వచ్చేది 47 వేలు, 87 కాదు. భవిష్యత్తు ఖర్చు వేసుకునేటప్పుడు కూడా ఆ 47 వేలతోనే మొదలుపెట్టి, తండ్రి ఇచ్చేదాన్ని పిల్లల ఫీజులకో, వాయిదాలకో కట్టుబడకుండా విడిగా దాచుకోవచ్చా అని చూడాలి.