జిగ్‌సా పాఠం: ఎవరి మార్కు వారిదే

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదో తరగతి పరీక్షల్లో 20 అంతర్గత మార్కులను ఎత్తేసింది. చాలా బడులు అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నాయన్నది ప్రధాన ఆరోపణ. ఆ మార్కుల్లో ప్రాజెక్టు పనికీ వాటా ఉండేది. నలుగురు కలిసి చేసిన పనికి ఒకే మార్కు వేస్తే అందులో ఎవరు చదివారో, ఎవరు అట్ట ముక్కలు అంటించారో తేలదు. తేలని మార్కును ఎవరూ నమ్మరు. అందుకే గ్రూపు పని అనగానే మన ఉపాధ్యాయుల్లో, తల్లిదండ్రుల్లో ఒక అనుమానం పాతుకుపోయింది. ఆ అనుమానం న్యాయమైనదే. కాకపోతే దానికి జవాబు చెప్పిన పద్ధతి ఒకటి యాభై ఏళ్ల కిందటే పుట్టింది. దాని పుట్టుక తెలిస్తే జవాబు ఎక్కడుందో తెలుస్తుంది.

1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో తెల్లవారి పిల్లలు, నల్లజాతి పిల్లలు, మెక్సికన్ మూలాలున్న పిల్లలు కోర్టు ఆదేశాలతో ఒకే తరగతి గదిలోకి వచ్చారు. బడుల్లో కొట్లాటలు మొదలయ్యాయి. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్‌ను అధికారులు సలహా అడిగారు. ఆయన తన విద్యార్థులతో కలిసి తరగతులు గమనించాడు. టీచరు ప్రశ్న వేస్తే కొందరు చేతులెత్తుతారు, ఒకరికి అవకాశం దక్కుతుంది, మిగతావారు ఆ పిల్లవాడు తప్పు చెప్పాలని కోరుకుంటారు. చదువులో వెనకబడిన పిల్లలకు ఆ పోటీలో రోజూ ఓటమే. మందలిస్తే పోయే జబ్బు కాదిది, పాఠం నడిచే తీరులోనే ఉందని ఆరన్సన్‌కు అర్థమైంది. పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్క ముక్కే ఇచ్చాడు. మిగతా ముక్కలు కావాలంటే పక్కవాడి మాట వినక తప్పదు. చివర్లో మాత్రం పరీక్ష ఎవరికి వారే రాయాలి, మార్కులు ఎవరివి వారికే. గ్రూపు మార్కు అనేది జిగ్‌సా అనే ఆ తొలి పద్ధతిలో లేనే లేదు. పక్కవాడి మీద ఆధారపడేది చదువుకోవడానికే గాని మార్కుకు కాదు. తర్వాత ఆ రెంటినీ కలిపేసినవారు ఈ తేడానే మరిచారు.

మన రాష్ట్రంలో గ్రూపు పని కొత్తదేమీ కాదు. 1980లలో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు పెట్టుకుంది. వ్యక్తిగత పని, గ్రూపు పని, తరగతి మొత్తంతో పని అనేది వాటిలో ఒకటి, స్థానిక పరిసరాలను వాడుకోవడం మరొకటి. ఆ రెండూ కలిసే పాఠానికి శ్రీకూర్మం ఉన్న గార మండలం కన్నా అనువైన చోటు అరుదు. పేరుకు గ్రూపుగా కూర్చున్నంత మాత్రాన గ్రూపు పని అయిపోదని కూడా ఇక్కడే చూపించవచ్చు.

ఏడో తరగతి సోషల్ పీరియడ్‌కు ‘వంశధార దిగువ సీమ చరిత్ర’ అని నాలుగు ముక్కలు చేద్దాం. మొదటిది శ్రీకూర్మం ఆలయ స్తంభాల మీది శాసనాలు. 1281 నాటి నరహరితీర్థుల శాసనం వాటిలో ఉంది. రెండోది 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చిన శాలిహుండం బౌద్ధ స్తూపాలు. మూడోది కళింగపట్నం రేవు. నాలుగోది తూర్పు గాంగుల ముఖలింగం. ఒక్కో ముక్కా ఒక పేజీ దాటకూడదు, మిగతా మూడు చదవకపోయినా దానంతటది అర్థమవ్వాలి. అన్నీ వింటేనే జవాబు దొరికే ప్రశ్న ఒకటి పైన పెట్టాలి: ఈ కొద్ది దూరంలోనే రాజధాని, రేవు, బౌద్ధ క్షేత్రం, వైష్ణవాలయం ఎందుకు వెలిశాయి? ఏ ఒక్క పేజీలోనూ దీనికి జవాబు ఉండదు.

ముప్పై ఇద్దరు పిల్లలుంటే నలుగురేసి ఎనిమిది సొంత గ్రూపులు. ఒకే ముక్క అందినవారు ఎనిమిది మంది అవుతారు. వారిని ఒకే నిపుణుల గ్రూపుగా కూర్చోబెడితే సగం మంది నోరు మెదపరు కాబట్టి నలుగురేసి రెండుగా విడగొట్టాలి. ముప్పై నలుగురుంటే రెండు గ్రూపుల్లో ఐదుగురు, ఇద్దరికి ఒకే ముక్క. మొదటి పీరియడ్‌లో నిపుణులు చదివి, తమవాళ్లకు ఎలా చెప్పాలో అనుకుంటారు. రెండో పీరియడ్‌లో సొంత గ్రూపుకు వచ్చి చెబుతారు. మూడో దాంట్లో స్లిప్ టెస్ట్. లీడర్ అందరికీ మాట దక్కేలా చూస్తాడు. ఒకరు సమయం చూస్తారు, ఒకరు అర్థంకానిది అడుగుతారు, ఒకరు ముఖ్యాంశాలు రాస్తారు. ఈ బాధ్యతలు ప్రతి పాఠానికీ మారాలి, వాటికి మార్కులు ఉండకూడదు. లేకపోతే లీడర్ పదవే మార్కు తెచ్చే పదవి అవుతుంది.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ స్లావిన్ తయారుచేసిన రెండో రకం జిగ్‌సాలో పిల్లలందరూ పాఠం మొత్తం చదువుతారు, ఒక్కొక్కరు ఒక అంశంలో నిపుణులవుతారు. గ్రూపు స్కోరు కూడా అక్కడే చేరింది, అయితే అది ఎవరి పాత సగటుతో వారిని పోల్చి వేసేది. పాత సగటు కన్నా పదికి మించి తగ్గితే 5 పాయింట్లు, పది లోపు తగ్గితే 10, సగటు నుంచి పది ఎక్కువ దాకా 20, అంతకు మించితే 30. నూటికి నూరు తెచ్చుకున్నవారికి సగటుతో పనిలేకుండా 30. సగటు 95 ఉన్న పిల్ల పది పెరగలేదు కాబట్టి ఆ చివరి నిబంధన అవసరం. ఒక గ్రూపులో 40 సగటున్న పిల్లవాడికి 52 వచ్చాయి: 30 పాయింట్లు. 85 ఉన్న పిల్లకు 88: 20. 90 ఉన్నవాడికి 82: 10. 70 ఉన్న పిల్లకు 58: 5. మొత్తం 65, సగటు 16.25. గ్రూపుకు అందరికన్నా ఎక్కువ తెచ్చింది అందరికన్నా తక్కువ మార్కుల పిల్లవాడు. ఈ 16.25 గోడ మీద పెట్టే అభినందన పత్రానికి మాత్రమే, ప్రోగ్రెస్ కార్డులో 52, 88, 82, 58 అనే పడాలి.

సిలబస్ సాగదంటారు. మూడు పీరియడ్లు ఎక్కువే, అందుకని టర్ముకు రెండు మూడు పాఠాలకు మించి వాడనక్కర్లేదు. ఎవరైనా రాకపోతే ముక్క పోతుందన్నది ఇంకో అభ్యంతరం. అదే ముక్క చదివిన మరో గ్రూపు నిపుణుణ్ణి పిలిపించుకోవచ్చు. వెనకబడిన పిల్లవాడు తప్పుగా చెబితే నలుగురికీ నష్టం కదా అన్నది అన్నింటికన్నా గట్టి ప్రశ్న. 1976లో ఆరన్సన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో మైనారిటీ పిల్లలు మెరుగుపడ్డారు, తెల్లవారి పిల్లలకు నష్టం జరగలేదు. కానీ 2022లో ఫ్రాన్స్ పరిశోధకులు ఆరో తరగతి పిల్లలతో చేసిన ఐదు ప్రయోగాల్లో ఎవరికి వారు చదువుకున్నదానికన్నా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. కాబట్టి ఇది మార్కులు పెంచే మంత్రమని అమ్మితే అబద్ధం. ఫలితం నిపుణుల గ్రూపు ఎంత బాగా తయారైందన్న దాని మీద ఉంటుంది. పేజీని మక్కీకి మక్కీ పైకి చదివేస్తే, నలుగురి నోటు పుస్తకాల్లో ఒకే వాక్యాలు దిగుతాయి. అది కనిపిస్తే పాఠం నడవలేదన్నమాట.

స్లిప్ టెస్ట్ దిద్దాక మొత్తం మార్కు వేసేముందు ప్రతి కాగితాన్నీ రెండుగా చూడండి: తన ముక్క మీది ప్రశ్నలకు వచ్చినవెన్ని, ఇతరుల ముక్కల మీద వచ్చినవెన్ని. శాలిహుండం పిల్లలు శాలిహుండంలోనే గట్టిగా ఉండి శ్రీకూర్మం దగ్గర జారిపోతే తప్పు పిల్లలది కాదు. వచ్చే పాఠంలో నిపుణుల గ్రూపుకు మరో పావుగంట ఇచ్చి, వారు చెప్పబోయేది మీరు ముందుగా ఒకసారి వినండి.